ఏ అక్షరం దగ్గర మూడు లెక్కపెట్టాలి?

దసరా సెలవుల ముందు మా ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలకు చిన్న పరీక్ష పెట్టాను. ప్రశ్న ఒక్కటే. డీఎన్ఏలో టెంప్లేట్ పోగు మీద ఉన్న 32 అక్షరాలు బోర్డు మీద రాశాను. దీన్నుంచి తయారయ్యే ఎం-ఆర్ఎన్ఏ రాయండి, ఆ తర్వాత దాన్ని చదివి ప్రోటీన్‌లో వచ్చే అమైనో ఆమ్లాలను వరుసగా రాయండి అన్నాను.

```
3'-TGTGGTACCACGTAGACTGAGGACTCCTCTTC-5'
```

పేపర్లు దిద్దుతుంటే ఒక విషయం మళ్లీ రుజువైంది. ఈ లెక్కలో తప్పులు ఎలా పడితే అలా రావు. ఒక్కో పొరపాటు ఒక్కో రకం జవాబును పుట్టిస్తుంది. జవాబు చూడగానే ఆ పిల్ల ఏ మెట్టు దగ్గర జారిందో చెప్పేయొచ్చు. అందుకే పిల్లలకు జవాబు రాయడం నేర్పిన దానికన్నా, రాసిన జవాబును సరిచూసుకోవడం నేర్పడానికే ఎక్కువ సమయం పెడుతున్నాను. ఇంట్లో బైపీసీ చదివే పిల్లలున్న తల్లిదండ్రులు కూడా దీన్ని అర్థం చేసుకోవచ్చు. కావాల్సింది ఒక కాగితం, పెన్సిల్, పుస్తకంలో ఉండే కోడాన్ల పట్టిక.

ముందు జతల సంగతి. డీఎన్ఏ అంటే ఒకదానికొకటి పెనవేసుకున్న రెండు పోగులు. ఒక పోగు మీద A ఉన్నచోట ఎదుటి పోగు మీద T ఉంటుంది, G ఉన్నచోట C ఉంటుంది. ఈ పోగుల్లో ఒకదాన్ని అచ్చుగా పెట్టుకుని కణం ఎం-ఆర్ఎన్ఏ అనే నకలు తీస్తుంది. దీన్నే ట్రాన్స్‌క్రిప్షన్ అంటారు, తెలుగు మీడియం పుస్తకాల్లో అనులేఖనం. నకలులో T ఉండదు, దాని స్థానంలో U వస్తుంది. కాబట్టి టెంప్లేట్‌లో A కనబడితే నకలులో U రాయాలి, T కనబడితే A, G కనబడితే C, C కనబడితే G. ఇంతవరకు దాదాపు అందరూ తప్పు లేకుండా చేస్తారు.

దిశ దగ్గరే చిక్కు వస్తుంది. ప్రతి పోగుకూ రెండు కొసలుంటాయి, ఒకటి 5', రెండోది 3'. జంటగా ఉన్న రెండు పోగులూ ఎదురెదురు దిశల్లో సాగుతాయి, సింగిల్ రోడ్డు మీద ఎదురొచ్చే బండ్లలాగా. టెంప్లేట్‌ను 3' కొస నుంచి చదువుతూ పోతే ఎం-ఆర్ఎన్ఏ 5' కొస నుంచి తయారవుతూ వస్తుంది. నా ప్రశ్నలో టెంప్లేట్‌ను 3' ఎడమ పక్కన ఉండేలా ఇచ్చాను. కాబట్టి ఎడమ నుంచి జతలు రాసుకుంటూ పోతే చాలు.

```
3'-TGTGGTACCACGTAGACTGAGGACTCCTCTTC-5'
5'-ACACCAUGGUGCAUCUGACUCCUGAGGAGAAG-3'
```

ఇక్కడ ఆగి మొదటి తనిఖీ చేయాలి. చాలామంది పైనుంచి కిందికి ఇంకోసారి చూసి సరే అనుకుంటారు. అది తనిఖీ కాదు. మొదటిసారి కన్ను ఎక్కడ మోసపోయిందో రెండోసారి కూడా అక్కడే మోసపోతుంది. నేను చేయించేది వేరు. టెంప్లేట్ కాగితాన్ని చేత్తో మూసి, రాసిన ఎం-ఆర్ఎన్ఏ నుంచి వెనక్కి, అదీ కుడి కొస నుంచి, డీఎన్ఏ జతలు రాయమంటాను. G కి C, A కి T, A కి T, G కి C, ఇలా. అయిపోయాక చెయ్యి తీసి చూడాలి. 32 అక్షరాలూ కలిస్తే అనులేఖనం సరిపోయినట్టే.

దానితోపాటు అక్షరాలు లెక్కపెట్టాలి. ఇది చిన్నపిల్లల పనిలా అనిపిస్తుంది గానీ, దీనికి మాత్రమే దొరికే తప్పు ఒకటుంది. మన వరుసలో చివర GAG, GAG అని పక్కపక్కనే రెండుసార్లు వస్తుంది. ఎత్తి రాసేటప్పుడు కన్ను ఒక GAG మీద నుంచి రెండోదాని మీదకు దూకితే మూడు అక్షరాలు పోతాయి. మిగతా జవాబంతా చక్కగా కుదిరినట్టే కనబడుతుంది, ఒక్క అమైనో ఆమ్లం మాత్రం తక్కువవుతుంది. మొన్న ఇద్దరి పేపర్లలో అదే జరిగింది. వాళ్ల వరుసలో 29 అక్షరాలే ఉన్నాయి. లెక్కపెట్టి ఉంటే అక్కడే తేలిపోయేది.

ఇక చదవడం. దీన్ని ట్రాన్స్‌లేషన్, అంటే అనువాదం అంటారు. ఎం-ఆర్ఎన్ఏని మూడేసి అక్షరాలుగా చదవాలి. ఆ మూడక్షరాల గుంపే కోడాన్. ఒక్కో కోడాన్ ఒక అమైనో ఆమ్లాన్ని తెస్తుంది. మూడు కోడాన్లు మాత్రం, UAA, UAG, UGA, ఏ ఆమ్లాన్నీ తేవు. ఇక చాలు, ఆపు అంటాయి.

మూడేసి అన్న మాట అందరికీ తెలుసు. ఏ అక్షరం దగ్గర మొదలుపెట్టి మూడేసి అన్నదే తెలియాలి. కణం మన వరుసలో ఖాళీలు వదలదు, కామాలు పెట్టదు. "కమలపడకపలక" అని కలిపి రాసిన తెలుగు అక్షరాలను ఊహించుకోండి. మొదటి నుంచి మూడేసి తీస్తే కమల, పడక, పలక అని మూడు మాటలొస్తాయి. ఒక్క అక్షరం వదిలి మొదలుపెడితే మలప, డకప, లక. అక్షరాలు అవే, భాష పోయింది. ఈ మొదలుపెట్టే చోటును బట్టి ఏర్పడే వరుసనే రీడింగ్ ఫ్రేమ్ అంటారు. ఏ వరుసకైనా మూడు ఫ్రేములే సాధ్యం. మొదటి అక్షరం నుంచి ఒకటి, రెండో దాన్నుంచి ఒకటి, మూడో దాన్నుంచి ఒకటి. నాలుగో అక్షరం నుంచి మొదలుపెడితే మళ్లీ మొదటి ఫ్రేమే.

ఒకే వరుస మూడు రకాలుగా పలుకుతుందని ప్రయోగశాలలో చూపించిన వాళ్లలో మనవాడొకరు ఉన్నారు. అవిభక్త భారతదేశపు పంజాబ్‌లోని రాయ్‌పూర్ గ్రామంలో పుట్టిన హరగోబింద్ ఖొరానా. 1960లలో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఆయన బృందం UUC అన్న మూడక్షరాలే మళ్లీ మళ్లీ వచ్చే ఆర్ఎన్ఏను తయారుచేసింది. అందులో మొదలుపెట్టు అనే గుర్తు లేదు. పరీక్షనాళికలో దాన్ని చదివించే పరిస్థితులు కల్పిస్తే మూడు వేర్వేరు గొలుసులు వచ్చాయి. ఒకదాంట్లో అన్నీ ఫినైలాలనిన్‌లే, ఒకదాంట్లో అన్నీ సెరీన్‌లే, ఇంకోదాంట్లో అన్నీ ల్యూసిన్‌లే. UUC గా చదివితే మొదటిది, UCU గా చదివితే రెండోది, CUU గా చదివితే మూడోది. జన్యు సంకేతాన్ని విప్పిన పనికి 1968లో నోబెల్ బహుమతి ఆయనకు, మార్షల్ నీరెన్‌బర్గ్‌కు, రాబర్ట్ హోలీకి కలిపి వచ్చింది.

బతికున్న కణంలో మాత్రం ఇలా మూడు రకాలుగా చదివితే పని జరగదు. మొదలుపెట్టే చోటుకు గుర్తుంది, అదే AUG. మనలాంటి జీవుల కణాల్లో రైబోజోమ్ ఎం-ఆర్ఎన్ఏ 5' కొస దగ్గర ఎక్కి, వరుస వెంట జరుగుతూ వచ్చి, చాలావరకు మొదట ఎదురైన AUG దగ్గరే చదవడం మొదలుపెడుతుంది. AUG ఫ్రేమును బిగిస్తుంది, అక్కడి నుంచి మూడేసి.

మన వరుసలో AUG ఆరో అక్షరం దగ్గర ఉంది. ముందున్న ACACC అనే ఐదక్షరాలు చదవడానికి కావు. వాటిని పక్కన పెట్టి గీత గీసుకోవాలి.

```
ACACC | AUG GUG CAU CUG ACU CCU GAG GAG AAG
```

పట్టికలో చూస్తే మెథియోనిన్, వాలీన్, హిస్టిడిన్, ల్యూసిన్, థ్రియోనిన్, ప్రోలీన్, గ్లూటమిక్ ఆమ్లం, మళ్లీ గ్లూటమిక్ ఆమ్లం, లైసీన్. మొత్తం తొమ్మిది. ఇదే సరైన జవాబు.

ఇప్పుడు తప్పు జవాబులకు వద్దాం. మొదటి బెంచీలో కూర్చునే అమ్మాయి, లెక్కల్లో గట్టిది, ఇలా రాసింది: థ్రియోనిన్, ప్రోలీన్, ట్రిప్టోఫాన్, సిస్టీన్, ఐసోల్యూసిన్, స్టాప్. ఎం-ఆర్ఎన్ఏలో ఒక్క అక్షరం తప్పు లేదు. దగ్గరికి పిలిచి, "ఎక్కడ మొదలుపెట్టావమ్మా?" అని అడిగాను.

"మొదటి అక్షరం దగ్గరే సార్. అక్కడి నుంచే కదా వరుస మొదలవుతుంది?"

"మరి ఐదు ఆమ్లాలకే ఆగిపోయింది, నీకు అనుమానం రాలేదా?"

కాసేపు కాగితం వంక చూసింది. "స్టాప్ వచ్చింది కదా, అయిపోయిందనుకున్నాను సార్."

ఆ పిల్ల ACA CCA UGG UGC AUC UGA అని కోసింది. AUG లోని A ఒక కోడాన్‌లోకి, UG ఇంకో కోడాన్‌లోకి పోయాయి. మూడక్షరాల గుర్తు మధ్యలోకి కత్తెర పడింది. రెండో అక్షరం నుంచి మొదలుపెట్టినా ఇంతే. CAC CAU GGU GCA UCU GAC UCC అని ఏడు కోడాన్లు సాగి UGA దగ్గర ఆగిపోతుంది. మూడు ఫ్రేముల్లో ఒక్కటే, AUG ఉన్నదే, చివరి వరకు ఆగకుండా సాగింది.

ఇదేమీ కాకతాళీయం కాదు. అరవై నాలుగు కోడాన్లలో మూడు ఆపేవి. అక్షరాలు యాదృచ్ఛికంగా పడితే సగటున ఇరవై ఒకటి కోడాన్లకు ఒకసారి స్టాప్ తగలాలి. తప్పు ఫ్రేములో చదివితే తొందరగా ఆగిపోయేది ఇందుకే. నిజమైన ప్రోటీన్ ఫ్రేమ్ మాత్రం వందల కోడాన్లు ఆగకుండా సాగుతుంది. అందుకని పిల్లలకు నేను చెప్పే రెండో తనిఖీ ఇది: స్టాప్ అనుకున్నదాని కన్నా ముందే వస్తే, పట్టికను కాదు, గీత గీసిన చోటును అనుమానించు. ఒక పరిమితి కూడా చెప్పాలి. పది పన్నెండు కోడాన్ల చిన్న ప్రశ్నలో తప్పు ఫ్రేమ్ కూడా స్టాప్ లేకుండా సాగిపోవచ్చు. కాబట్టి స్టాప్ రాలేదు గనుక ఫ్రేమ్ సరైనదే అనుకోకూడదు.

ఇంకో కుర్రాడి జవాబు టైరోసిన్, హిస్టిడిన్, వాలీన్, ఆస్పార్టిక్ ఆమ్లం, స్టాప్. టైరోసిన్‌తో మొదలైందని చూడగానే విషయం అర్థమైంది. టైరోసిన్ కోడాన్ UAC. మన టెంప్లేట్‌లో AUG కి ఎదురుగా ఉన్నది TAC. టెంప్లేట్‌లో T ల స్థానంలో U లు పెట్టి, దాన్నే పట్టికలో వెతికాడు. లేదా ట్రాన్స్‌ఫర్ ఆర్ఎన్ఏ మీద ఉండే యాంటికోడాన్ రాసి, దాన్ని పట్టికలో చూసినా సరిగ్గా ఇదే వస్తుంది, ఎందుకంటే రెండింటి అక్షరాలూ ఒకటే. కోడాన్ల పట్టిక ఎం-ఆర్ఎన్ఏ భాషలో రాసింది. యాంటికోడాన్‌తో అందులోకి వెళ్లకూడదు. జవాబు మెథియోనిన్ బదులు టైరోసిన్‌తో మొదలైతే ఈ పొరపాటే అని నూటికి తొంభైసార్లు చెప్పేస్తాను.

మూడో తప్పు అన్నిటికన్నా ప్రమాదకరమైంది. ఎందుకంటే పైకి ఒప్పులా కనబడుతుంది. ఇదే టెంప్లేట్‌ను కొన్ని పుస్తకాలు తిప్పి, 5' కొస ఎడమకు వచ్చేలా ఇస్తాయి.

```
5'-CTTCTCCTCAGGAGTCAGATGCACCATGGTGT-3'
```

ఇక్కడ ఎడమ నుంచి వెతికితే ATG కనబడుతుంది. CAG తర్వాత ఉంది చూడండి. పిల్లవాడికి ప్రాణం లేచొస్తుంది. దొరికింది కదా అని T ల బదులు U లు పెట్టి AUG CAC CAU GGU అని చదివేస్తాడు. మెథియోనిన్, హిస్టిడిన్, హిస్టిడిన్, గ్లైసిన్. స్టాప్ లేదు, మెథియోనిన్‌తో మొదలైంది, ఏ అనుమానమూ రాదు. కానీ అది టెంప్లేట్ పోగు. దాన్ని నేరుగా చదవకూడదు, కుడి కొస నుంచి జతలు కట్టి నకలు తీయాలి. ATG కనబడిందంటే అది కోడింగ్ పోగే అయి ఉంటుందన్న నమ్మకం ఇక్కడ ముంచుతుంది. ప్రశ్నలో 5', 3' గుర్తులకు చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టకుండా ఒక్క అక్షరం కూడా రాయొద్దని చెప్పేది ఇందుకే. టెంప్లేట్ ఇచ్చారా, కోడింగ్ ఇచ్చారా అన్న మాట కింద గీత గీసుకోవాలి. కోడింగ్ పోగు ఇస్తే జతలే అక్కర్లేదు, T లు తీసి U లు పెడితే ఎం-ఆర్ఎన్ఏ వచ్చేస్తుంది.

ఈ తికమక పరీక్ష ప్రశ్నలకే పరిమితం కాదు. నేను ఇచ్చిన 32 అక్షరాలు కల్పించినవి కావు. మన రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హీమోగ్లోబిన్‌లో బీటా గొలుసు ఉంటుంది. ఆ గొలుసును తయారుచేసే జన్యువు మొదటి భాగం ఇది. పేరు HBB, పదకొండో క్రోమోజోమ్ మీద ఉంటుంది. అసలు ఎం-ఆర్ఎన్ఏలో AUG కి ముందు 50 అక్షరాలున్నాయి, నేను చివరి ఐదే ఇచ్చాను. ఇంటర్నెట్‌లో మానవ జన్యుపటం తెరిచి ఈ జన్యువును వెతికితే మామూలుగా తెర మీద కనిపించేది దాని టెంప్లేట్ పోగే. పటంలో ముందుకు సాగే పోగుకు ఎదుటి పోగు మీద ఈ జన్యువు రాసి ఉంది. జన్యుశాస్త్రం చదివే పెద్ద పిల్లలు కూడా మొదటిసారి అక్కడ తికమక పడతారు.

ఈ జన్యువునే ఎంచుకోవడానికి కారణం ఉంది. సరైన జవాబులో గ్లూటమిక్ ఆమ్లం రెండుసార్లు వచ్చింది కదా. అందులో మొదటి GAG లో నడిమి A మారి U అయితే GUG అవుతుంది, అంటే వాలీన్. టెంప్లేట్‌లో CTC బదులు CAC. గ్లూటమిక్ ఆమ్లం బదులు వాలీన్ రావడమే సికిల్ సెల్ జబ్బుకు కారణమని వెర్నన్ ఇంగ్రమ్ 1950లలో కేంబ్రిడ్జ్‌లో కనిపెట్టారు. ఆక్సిజన్ వదిలినప్పుడు ఈ హీమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని పొడవాటి కడ్డీల్లా మారి ఎర్రకణాన్ని కొడవలిలా వంచేస్తాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఏజెన్సీ ప్రాంతాల్లో సికిల్ సెల్ పరీక్షలు చేస్తున్నది ఈ ఒక్క అక్షరం కోసమే.

జవాబు సరిచూసేవాళ్లు ఇక్కడ ఒకటి గమనించాలి. ఆ GAG మన వరుసలో ఏడో కోడాన్. కానీ చాలా పుస్తకాల్లో ఆరో స్థానమని ఉంటుంది. రెండూ సరైనవే. ప్రోటీన్ తయారవుతుండగానే మొదటి మెథియోనిన్‌ను కణం తీసేస్తుంది. దాన్ని వదిలి లెక్కపెట్టిన పాత పద్ధతిలో ఆరు, AUG నుంచి లెక్కపెట్టే నేటి పద్ధతిలో ఏడు.

సికిల్ సెల్‌లో అక్షరం మారింది, సంఖ్య మారలేదు. అందుకే ఆ ఒక్క మాట తప్ప ముందువీ వెనకవీ చెక్కుచెదరలేదు. ఫ్రేమ్ నిలబడింది. ఇదే జన్యువులో ఇంకో మార్పు చూడండి. మన దేశంలో బీటా తలసీమియాకు తరచుగా కనిపించే కారణాల్లో ఇదొకటి. AAG తర్వాత ఒక G అదనంగా చేరుతుంది. మామూలు వరుస పైన, మారిన వరుస కింద ఇస్తున్నాను.

```
AAG UCU GCC GUU ACU GCC CUG UGG GGC AAG GUG AAC GUG GAU GAA
AAG GUC UGC CGU UAC UGC CCU GUG GGG CAA GGU GAA CGU GGA UGA
```

పై వరుసలో ఎక్కడా స్టాప్ లేదు. పూర్తి గొలుసు 146 అమైనో ఆమ్లాలది. కింది వరుసలో అదనపు G తర్వాత ప్రతి కోడాన్ ఒక అక్షరం పక్కకు జరిగింది. సెరీన్ రావాల్సిన చోట వాలీన్, అలనిన్ రావాల్సిన చోట సిస్టీన్, ఇలా ఒక్క గ్లైసిన్ తప్ప ఏదీ మిగల్లేదు. చివరికి GAU GAA లో దాక్కున్న UGA బయటికొచ్చింది. కమల పడక పలక మలప డకప అయినట్టే. మొదటి బెంచీ అమ్మాయి కత్తెర తప్పు చోట వేసినప్పుడు ఆమె పేపర్ మీద ఏం జరిగిందో, ఈ పిల్లల ఎముక మజ్జలో అదే జరుగుతోంది.

ఆ అమ్మాయికి రెండో వరుస కూడా రాయించాను. ఈసారి AUG నుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చి, "మెథియోనిన్ తీసేస్తే ఇరవై రెండో చోట స్టాప్ సార్, మిగతాదంతా రాదు కదా" అంది. సరిగ్గా చెప్పింది. తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన రెండు జన్యువుల్లోనూ ఆ అదనపు G ఉన్న బిడ్డ శరీరం బీటా గొలుసును తయారుచేసుకోలేదు. ఆ బిడ్డకు కొన్ని వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే.